మెయిల్‌లో పెట్టిన ఇమోజీ అవతలివాళ్లకి డబ్బాగా ఎందుకు కనిపిస్తుంది, బొమ్మ రాకపోతే దాని బదులు ఏం మిగలాలి

మెయిల్ ఒకటే. ఫోన్‌లో తెరిస్తే చక్కగా ఎర్ర గుండ్రం, ఆఫీసు కంప్యూటర్‌లో ఔట్‌లుక్‌లో తెరిస్తే నల్ల గీతల గుండ్రం, పాత సిస్టమ్‌లో ఖాళీ డబ్బా, ఇంకొకళ్లకైతే `ðŸ”´` అని ఏదో మంత్రం రాసినట్టు వస్తుంది. పంపినవాళ్లు మాత్రం నా దగ్గర బానే ఉందే అంటారు. నిజంగానే వాళ్ల దగ్గర బానే ఉంటుంది, అదే ఇక్కడ చిక్కు.

దీన్ని ఒక ఉదాహరణ పట్టుకుని విప్పుకుందాం. రోజూ రాత్రి మూడు డేటాబేస్‌ల బ్యాకప్ అవుతుంది, పొద్దున్నే ఒక ఆటోమేటిక్ హెచ్‌టీఎంఎల్ మెయిల్ వస్తుంది. అందులో అంతా బాగుంటే 🟢, కాస్త అనుమానంగా ఉంటే 🟡, బ్యాకప్ పోతే 🔴. పక్కన డేటాబేస్ పేరు మాత్రమే, ఇంకేం మాట లేదు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, డిజైన్ చేసినవాళ్లకి నచ్చుతుంది. ఈ మెయిల్ ఎన్ని రకాలుగా దెబ్బతినొచ్చో చూస్తే ఇమోజీల వ్యవహారం దాదాపు మొత్తం అర్థమైపోతుంది.

## ఇమోజీ అంటే బొమ్మ కాదు, ఒక నంబరు

మనం 🔴 పెట్టినప్పుడు మెయిల్‌లోకి వెళ్లేది బొమ్మ కాదు. "అ"కి ఎలా యూనికోడ్‌లో ఒక నంబరు ఉందో ఎర్ర గుండ్రానికీ అలాగే ఒకటి ఉంది, `U+1F534`. మెయిల్ మోసుకెళ్లేది ఆ నంబరునే, దానికి బొమ్మ గీసేది చదివేవాళ్ల మెషీన్‌లో ఉన్న ఫాంట్. యాపిల్ వాటిలో ఆపిల్ కలర్ ఇమోజీ, విండోస్‌లో సెగో యూఐ ఇమోజీ, ఆండ్రాయిడ్‌లో మామూలుగా నోటో కలర్ ఇమోజీ. అందుకే ఒకే నవ్వు మొహం ఒక్కో చోట ఒక్కోలా నవ్వుతుంది, అందులో తప్పేం లేదు, అది అలా ఉండేదే.

నంబరు వెళ్లేటప్పుడు బైట్లుగా మారాలి. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైట్, తెలుగు అక్షరానికి 3, మన ఎర్ర గుండ్రానికి 4: `F0 9F 94 B4`. ఈ 3, 4 తేడా గుర్తుంచుకోండి, దీని వల్ల జరిగే గొడవ ఒకటి కిందే వస్తుంది.

అంటే గుండ్రం సరిగ్గా కనిపించాలంటే మూడు జరగాలి. నాలుగు బైట్లూ చెక్కుచెదరకుండా చేరాలి, అవి యూటీఎఫ్-8 అని మెయిల్ హెడర్ సరిగ్గా చెప్పాలి, ఆ నంబరుకి బొమ్మ ఉన్న ఫాంట్ అవతల ఉండాలి. మొదటి రెండూ పంపేవాళ్ల చేతిలో ఉన్నవి, మూడోది అస్సలు కాదు.

## వచ్చిన చెత్తని బట్టే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది

చాలామంది "ఇమోజీ రాలేదు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు కానీ ఏం వచ్చింది అని అడిగితే సగం పని అయిపోతుంది.

ఖాళీ డబ్బా వస్తే బైట్లు భద్రంగానే చేరాయి, ఫాంట్‌లోనే బొమ్మ లేదు. మన మెయిల్‌లో ఇది భలే విచిత్రంగా బయటపడుతుంది. 🔴 అనేది 2010లో యూనికోడ్ 6.0తోనే వచ్చింది, 🟢 🟡 మాత్రం 2019లో యూనికోడ్ 12తో వచ్చాయి. 2019 తర్వాత అప్‌డేట్ కాని మెషీన్‌లో ఎర్ర గుండ్రం కనిపిస్తుంది, పచ్చది డబ్బా అవుతుంది. అంతా సవ్యంగా ఉన్న రోజు మూడు ఖాళీ డబ్బాలు, ఏదైనా పోయిన రోజు మాత్రం ఒక ఎర్ర గుండ్రం అన్నమాట!

`ðŸ”´` లాంటిది వస్తే బైట్లు సరైనవే, లేబుల్ తప్పు. అదే `F0 9F 94 B4`ని విండోస్-1252 అనే పాత పద్ధతిలో చదివితే సరిగ్గా ఈ నాలుగు గుర్తులే వస్తాయి. అంటే `Content-Type` హెడర్‌లో `charset=utf-8` లేదు, లేదా వేరేది ఉంది. హెచ్‌టీఎంఎల్ లోపల `<meta charset>` పెట్టాం కదా అంటారు, కానీ మెయిల్‌లో హెడర్ మాటే చెల్లుతుంది, లోపలి మెటా ట్యాగ్‌ని నమ్ముకోకూడదు. ఇంకో సంగతి, ఇంగ్లిష్‌లో వెళ్లే మెయిళ్లలో ఈ తప్పు ఏళ్ల తరబడి దాక్కుని ఉండగలదు, ఎందుకంటే ఇంగ్లిష్ అక్షరాలు ఏ లేబుల్ కింద చదివినా ఒకేలా ఉంటాయి. ఎవరో మొదటిసారి ఒక ఇమోజీ పెడతారు, పాత తప్పు బయటపడుతుంది, నింద ఇమోజీ మీద పడుతుంది. తెలుగులో పంపే మెయిల్‌లో అయితే మొదటి రోజే మొత్తం మెయిల్ గందరగోళం అయిపోయి ఉండేది, అప్పుడే సరిచేసేవాళ్లు.

`�` వస్తే బైట్లు మధ్యలో తెగాయి. `?` వస్తే దారిలో ఎవరో ఈ అక్షరం నాకు తెలీదు అని ప్రశ్నార్థకం పెట్టి అసలుది పారేశారు, ఇక అవతల ఏం చేసినా తిరిగి రాదు.

ఈ ప్రశ్నార్థకం వెనక ఎక్కువగా దొరికే దొంగ మైఎస్‌క్యూఎల్. దానిలో `utf8` అనే పేరుతో ఉన్నది చాలాకాలం పూర్తి యూటీఎఫ్-8 కాదు, అక్షరానికి 3 బైట్ల వరకే పట్టే రకం, 4 బైట్లవి కావాలంటే `utf8mb4` అని విడిగా పెట్టుకోవాలి. మెయిల్ టెంప్లేట్ గానీ సబ్జెక్ట్ గానీ పాత రకం టేబుల్‌లో దాచుకున్నారనుకోండి, సెట్టింగ్స్ గట్టిగా ఉంటే `Incorrect string value` అని ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, అదే నయం. వదులుగా ఉంటే ఏం మాట్లాడకుండా ప్రశ్నార్థకం పెడుతుంది, లేదా ఇమోజీ దగ్గర కత్తిరించి మిగతాది వదిలేస్తుంది. సబ్జెక్ట్ మొదట్లోనే 🔴 ఉంటే మిగిలేది ఖాళీ సబ్జెక్ట్. ఇక్కడే టెస్టింగ్‌లో మోసపోయే చోటు ఒకటుంది. ✅ పెట్టి పరీక్షిస్తే శుభ్రంగా పనిచేస్తుంది, ఎందుకంటే అది `U+2705`, 3 బైట్లే. ఆ ధైర్యంతో తర్వాత ఎవరో 🎉 పెడతారు, అది 4 బైట్లు, పోతుంది. నిన్నటిదాకా వచ్చింది ఇవాళ రావట్లేదు అంటే రెండు రోజులూ పెట్టింది ఒకే ఇమోజీయేనా అని చూడండి ముందు.

## సబ్జెక్ట్ లైన్‌కి రూల్స్ వేరు

మెయిల్ హెడర్లు పుట్టిందే ఆస్కీ అక్షరాల కోసం. సబ్జెక్ట్‌లో తెలుగైనా ఇమోజీ అయినా మామూలుగా దాన్ని ఆస్కీలోకి మూటకట్టి పంపుతారు, ఆ పద్ధతి ఆర్ఎఫ్‌సీ 2047లో ఉంది. మన ఎర్ర గుండ్రం ఇలా వెళ్తుంది:

```
Subject: =?UTF-8?B?8J+UtA==?= Backup failed: db-2
```

`UTF-8` అంటే ఏ పద్ధతో, `B` అంటే బేస్64 మూట అని, తర్వాతది ఆ నాలుగు బైట్లు. అవతలి యాప్ దీన్ని విప్పి 🔴 చూపిస్తుంది. మూట విప్పని పాత సాఫ్ట్‌వేర్ ఏదైనా దారిలో ఉంటే ఈ ముడి రూపమే కనిపిస్తుంది.

హెచ్‌టీఎంఎల్ బాడీలో `&#x1F534;` అని రాస్తే గుండ్రం వస్తుంది కదా అని సబ్జెక్ట్‌లోనూ అదే రాస్తారు కొందరు. సబ్జెక్ట్ హెచ్‌టీఎంఎల్ కాదు, అక్కడ అది అక్షరాలా `&#x1F534;` అనే కనిపిస్తుంది. బాడీలో కూడా ఇదే కనిపిస్తే మాత్రం కారణం వేరు, టెంప్లేట్ ఇంజిన్ `&`ని `&amp;`గా మార్చేసింది, అంటే రెండుసార్లు ఎస్కేప్ అయింది.

ఇంకో సన్న రూల్ ఉంది. ఒక్కో మూట మొత్తం 75 అక్షరాలు దాటకూడదు. ముందు `=?UTF-8?B?`, చివర `?=` అనే అలంకారాలు పోగా 63 అక్షరాలు మిగులుతాయి, బేస్64 నాలుగేసి అక్షరాలుగా వెళ్తుంది కాబట్టి 60 వాడుకోగలం, అంటే 45 బైట్లు, అంటే ఓ 15 తెలుగు యూనికోడ్ గుర్తులు, గుణింతాలూ పొల్లులూ కూడా విడివిడి గుర్తులుగానే లెక్క. కాబట్టి కాస్త పొడుగు తెలుగు సబ్జెక్ట్ రెండు మూడు మూటలవుతుంది. ఒక అక్షరం బైట్లు రెండు మూటల మధ్య పంచకూడదు అని రూల్ స్పష్టంగానే ఉంది కానీ సొంతంగా రాసుకున్న మెయిల్ కోడ్ కొన్నిసార్లు బైట్లు లెక్కబెట్టి 45 దగ్గర ఠక్కున కోసేస్తుంది. ముందు 🔴 4 బైట్లు, స్పేస్ 1, తర్వాత మూడేసి చొప్పున తెలుగు. ఖాళీ లేకుండా వరసగా 13 గుర్తులు పడితే 44, పద్నాలుగోది మొదటి బైట్ దగ్గరే తెగుతుంది. అందుకే పగిలేది ఇమోజీయే కానక్కర్లేదు, దాని వెనకాల ఎక్కడో ఉన్న తెలుగు అక్షరం `�` అవుతుంది, మూలం ఎక్కడుందో పట్టుకోవడానికి జుట్టు పీక్కుంటారు. పేరున్న మెయిల్ లైబ్రరీ వాడితే ఈ పని అదే చూసుకుంటుంది, హెడర్ సొంత కోడ్‌తో కట్టకపోవడమే మేలు.

సబ్జెక్ట్‌లో ఫాల్‌బ్యాక్ పెట్టుకునే వీలే లేదు. ఇమేజ్ ఉండదు, alt ఉండదు, ఏ యాప్‌కి ఏం చూపించాలో చెప్పే దారి లేదు. అందుకే అక్కడ ఇమోజీ ఉన్నా లేకపోయినా వాక్యం పూర్తిగా ఉండాలి. "🔴 db-2" అనే సబ్జెక్ట్‌లో గుండ్రం పోతే మిగిలేది డేటాబేస్ పేరు ఒక్కటే. "🔴 బ్యాకప్ ఫెయిల్: db-2" లో గుండ్రం పోయినా విషయం పోదు.

## రంగు పోతే ఏం మిగులుతుంది: ఔట్‌లుక్ సంగతి

విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే పాత తరహా ఔట్‌లుక్, ఇప్పుడు క్లాసిక్ అంటున్నారు, 2007 వెర్షన్ నుంచి మెయిల్‌ని బ్రౌజర్ ఇంజిన్‌తో కాకుండా మైక్రోసాఫ్ట్ వర్డ్ ఇంజిన్‌తో చూపిస్తుంది. ఆ ఇంజిన్ చాలాకాలం రంగుల ఫాంట్లని రంగుల్లో గీయలేదు, ఇమోజీని మామూలు అక్షరంలాగే ఒకే రంగులో గీసేది, ఇప్పటికీ చాలా ఆఫీసుల్లో నడిచే వెర్షన్లలో అదే పరిస్థితి. వెబ్‌లో తెరిచే ఔట్‌లుక్‌లోనూ, వెబ్ మీద కట్టిన కొత్త విండోస్ ఔట్‌లుక్‌లోనూ ఈ బాధ లేదు.

ఒక రంగులో అంటే ఏ రంగు? చుట్టూ ఉన్న టెక్స్ట్ రంగే. నల్ల టెక్స్ట్ మధ్యలో ఉంటే నల్ల గుండ్రం. ఇప్పుడు మన బ్యాకప్ మెయిల్ గుర్తు తెచ్చుకోండి, 🟢 🟡 🔴 మూడింటికీ తేడా రంగులోనే ఉంది, ఆకారం అంతా గుండ్రమే. రంగు తీసేస్తే మూడూ వట్టి గుండ్రాలు, ఏది బాగుందో ఏది పోయిందో తేల్చుకోలేం. ఇది రాని బొమ్మ కంటే ప్రమాదం, ఎందుకంటే డబ్బా వస్తే ఏదో తేడాగా ఉందని చదివేవాళ్లకి తెలుస్తుంది, ఇక్కడ ఏ తేడా కనపడదు. ఎరుపు పచ్చ తేడా కళ్లకి ఆనని వాళ్లకి మామూలు స్క్రీన్ మీద కూడా ఇదే అనుభవం.

ఔట్‌లుక్ నల్లగా చూపిస్తే మనమే రంగు వేయొచ్చు, ఎందుకంటే అక్కడ ఇమోజీ టెక్స్ట్ రంగు తీసుకుంటుంది. `color:#b00020` పెడితే ఔట్‌లుక్‌లో ముదురు ఎరుపు గుండ్రం వస్తుంది, మిగతా చోట్ల ఫాంట్ తన సొంత రంగే వాడుతుంది కాబట్టి నష్టం ఉండదు. ఇది ఒక దారి. కానీ నన్నడిగితే ఇంతకంటే తేలికైనది ఇంకొకటుంది, గుండ్రాలు మానేసి ✅ ⚠️ ❌ వాడటం. ఆకారాలే వేరు కాబట్టి రంగు పోయినా తెలుస్తాయి. ✅ ❌ 2010 నాటివి, ⚠ అంతకంటే పాతది, కాబట్టి డబ్బాల బాధ బాగా తగ్గుతుంది. మూడూ 3 బైట్లవే, అంటే ఆ పాత మైఎస్‌క్యూఎల్ టేబుల్‌లోనూ పడతాయి. గుర్తు మార్చడంతోనే మూడు జబ్బులు కుదిరాయి. చిన్న తిరకాసు ఏంటంటే ⚠️ వెనక `U+FE0F` అనే కనపడని గుర్తు ఒకటి ఉంటుంది, రంగుల్లో చూపించు అని చెప్పడానికి, కొన్ని పాత యాప్‌లు దాన్ని కూడా ఒక డబ్బాగా చూపిస్తాయి. అది తీసేసి వట్టి ⚠ పెడితే కొన్నిచోట్ల నల్ల గుర్తు వస్తుంది, అర్థం మాత్రం పోదు.

ఔట్‌లుక్ దగ్గర ఉండగానే ఇంకో పాత చమత్కారం చెప్పాలి. దాని పాత వెర్షన్లలో `:)` టైప్ చేస్తే ఆటోకరెక్ట్ నవ్వు మొహంగా మార్చేది, కానీ అది యూనికోడ్ ఇమోజీ కాదు, వింగ్‌డింగ్స్ అనే బొమ్మల ఫాంట్‌లో `J` అనే అక్షరం. ఆ ఫాంట్ లేని చోట చదివేవాళ్లకి వాక్యం చివర ఊరికే ఒక `J` కనిపిస్తుంది. ఏడుపు మొహమైతే `L`. ఎవరో పొట్టి సంతకం పెడుతున్నారేమో అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

## పోనీ ఇమోజీ బదులు ఇమేజే పెడితే?

ఇక్కడే రెండు వర్గాలు. డిజైన్ వైపువాళ్లు అనేది, ఫాంట్‌ని నమ్ముకుంటే ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ఔట్‌లుక్‌లో నల్లగా ఉంటుంది, అదే చిన్న పీఎన్‌జీ ఇమేజ్ పెడితే ఎక్కడైనా ఒకటే బొమ్మ ఒకటే రంగు. ఈ మాటలో నిజముంది. పంపే పని చూసుకునే ఇంజినీర్లు అనేది, ఇమోజీ అక్షరం దారిలో పాడవకపోతే చాలు, దానంతట అది కనిపిస్తుంది, ఇమేజ్ అయితే సర్వర్ నుంచి రావాలి, యాప్ రానివ్వాలి, రేపు కూడా ఆ సర్వర్ ఉండాలి. ఇదీ నిజమే.

రానివ్వడం అనేదే పెద్ద విషయం. క్లాసిక్ ఔట్‌లుక్, థండర్‌బర్డ్ డిఫాల్ట్‌గా బయటి ఇమేజ్‌లని ఆపేస్తాయి, ఎందుకంటే ఇమేజ్ తెచ్చుకుంటే మెయిల్ తెరిచారని పంపినవాళ్లకి తెలిసిపోతుంది. జీమెయిల్ 2013 చివరి నుంచి తన సొంత సర్వర్ ద్వారా తెచ్చి మామూలుగా చూపించేస్తుంది, కావాలంటే ఆపుకోవచ్చు. తమాషా ఏంటంటే ఫాంట్ ఇమోజీని నల్లగా చూపించే క్లాసిక్ ఔట్‌లుక్కే బయటి ఇమేజ్‌లనీ ఆపుతుంది. అంటే ఏ యాప్ కోసమైతే ఇమేజ్‌కి మారామో అక్కడే అది కనిపించే ఛాన్స్ తక్కువ. పైగా ఆపిన చోట ఔట్‌లుక్ తన సొంత హెచ్చరిక వాక్యం ఒకటి పెడుతుంది, 20 పిక్సెల్ డబ్బాలో అది పట్టదు, ఒక ఎర్ర ఇంటూ గుర్తున్న గడి మాత్రం కనిపిస్తుంది. బ్యాకప్ సవ్యంగా అయిన డేటాబేస్ పక్కన ఎర్ర ఇంటూ!

సర్వర్ బతికుండటం సంగతి కూడా చిన్నదేం కాదు. ట్విట్టర్ తన ఇమోజీ బొమ్మలని ట్వెమోజీ పేరుతో 2014లో ఓపెన్‌సోర్స్ చేసింది, ఎవరైనా వాడుకునేలా ఆ బొమ్మలు మ్యాక్స్‌సీడీఎన్ అనే సర్వీస్ నుంచి వచ్చేవి. 2023 జనవరిలో ఆ సర్వీస్ మూతపడితే ఆ అడ్రస్ నేరుగా వాడినచోటల్లా బొమ్మలు రావడం ఆగిపోయింది. వెబ్‌సైట్ అయితే ఒక లైన్ మార్చి సరిచేస్తాం, పంపేసిన మెయిల్‌ని ఏం చేస్తాం? అది ఇన్‌బాక్స్‌లో అలాగే ఉంటుంది, విరిగిన గడితో.

బయటి సర్వర్ వద్దు, ఇమేజ్‌ని మెయిల్‌లోనే పెట్టేద్దాం అంటే రెండు దారులు. `data:` అని మొదలయ్యే అడ్రస్‌లో ఇమేజ్‌ని బేస్64గా ఇరికించడం ఒకటి, దాన్ని జీమెయిల్ చూపించదు, కాబట్టి ఆ దారి మూసుకున్నట్టే. రెండోది ఇమేజ్‌ని మెయిల్‌కి అటాచ్ చేసి `cid:`తో పిలవడం, ఇది ఔట్‌లుక్‌లో కూడా డౌన్‌లోడ్ అడక్కుండా కనిపిస్తుంది. కానీ ప్రతి మెయిల్ సైజ్ పెరుగుతుంది, కొన్ని యాప్‌లలో ఆ గుండ్రం ఒక అటాచ్‌మెంట్‌గా కింద వేలాడుతుంది, క్లిప్ గుర్తు చూసి ఫైలేదో వచ్చిందనుకుంటారు. రోజుకి ఒక్క రిపోర్ట్ పంపే మన బ్యాకప్ మెయిల్‌కి ఇది ఫర్వాలేదు, లక్షల మందికి పంపేవాటికి బరువు.

## ఇమేజ్ పెట్టాలనే నిర్ణయిస్తే alt లో ఏం రాయాలి

ఇమేజ్ రానప్పుడు దాని చోట కనిపించేది, స్క్రీన్ రీడర్ చదివేది `alt`లో ఉన్నది. ఇక్కడ మూడు అభిప్రాయాలున్నాయి, మూడింటికీ ఒక్కో సందర్భం ఉంది.

ఒకటి, అదే ఇమోజీ అక్షరాన్ని alt లో పెట్టడం. ఇమేజ్ వస్తే మన బొమ్మ, రాకపోతే ఫాంట్ బొమ్మ.

```html
<img src="https://mail.example.com/e/fail.png"
     width="20" height="20" alt="&#x274C;"
     style="vertical-align:middle;border:0;font-size:16px">
```

ట్వెమోజీ చేసేదీ ఇదే, జీమెయిల్ వెబ్‌లో ఇమోజీని ఇమేజ్‌గా మార్చినప్పుడు చేసేదీ ఇదే. ఇంకో లాభం ఏంటంటే, అలా ఉన్న వాక్యాన్ని కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే చాలాసార్లు ఇమోజీ కూడా అక్షరంగా వస్తుంది. `width`, `height` స్టైల్‌లో మాత్రమే కాకుండా ఇలా విడిగా ట్యాగ్‌లోనే రాయడానికి కారణం ఉంది. వర్డ్ ఇంజిన్ `max-height` లాంటివి పట్టించుకోదు, అసలు ఇమేజ్ 72 పిక్సెల్స్ అయితే 72 పిక్సెల్స్ గుర్తు వచ్చి లైన్ మధ్యలో కూర్చుంటుంది.

రెండోది, మాట పెట్టడం, `alt="ఫెయిల్"`. బొమ్మ ఒక్కటే అర్థం మోస్తున్న చోట, అంటే పక్కన మాట లేని చోట, ఇదే సరైనది, ఎందుకంటే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి "క్రాస్ మార్క్" అనే పేరు కంటే "ఫెయిల్" అనే మాట ఉపయోగం. ఇబ్బంది ఎక్కడంటే 20 పిక్సెల్స్ వెడల్పు చెప్పాం కదా, చాలా యాప్‌లలో alt మాట కూడా ఆ 20 పిక్సెల్స్‌లోనే ఇరుక్కుని "ఫె" దగ్గర ఆగిపోతుంది.

మూడోది, ఖాళీ alt, `alt=""`. పక్కనే "ఫెయిల్" అని మాట ఉన్నప్పుడు బొమ్మ వట్టి అలంకారం, అప్పుడు alt లో మళ్లీ ఫెయిల్ అని పెడితే స్క్రీన్ రీడర్ "ఫెయిల్ ఫెయిల్" అని చదువుతుంది. ఖాళీ పెడితే బొమ్మని దాటేస్తుంది. ఖాళీ alt వేరు, alt అసలు లేకపోవడం వేరు, ఇది చాలామంది కలిపేస్తారు. లేకపోతే కొన్ని రీడర్లు ఫైల్ పేరు చదువుతాయి.

నా లెక్క ఇది: ముందు పక్కన మాట పెట్టేయండి, అప్పుడు alt గొడవ సగం తీరుతుంది, ఇమోజీ పెట్టినా ఖాళీ పెట్టినా పెద్ద నష్టం లేదు. మాట పెట్టడానికి చోటు లేదు అనేవాళ్లున్నారు, చిన్న టేబుల్ గడుల్లో నిజంగానే ఉండదు, వాళ్లు వెడల్పు 60 అయినా ఇచ్చి alt లో మాట పెట్టుకోవాలి.

## మనం పెట్టకుండానే ఇమేజ్ అయిపోవడం

ఇంకో చిక్కు. మనం వట్టి అక్షరమే పంపాం, అవతల విరిగిన ఇమేజ్ కనిపించిందంటారు. ఇది ఎలా?

వర్డ్‌ప్రెస్ సైట్ నుంచి వెళ్లే మెయిల్ అయితే మొదట అక్కడే అనుమానించాలి. 4.2 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ తను పంపే హెచ్‌టీఎంఎల్ మెయిళ్లలో ఇమోజీలని పట్టుకుని `s.w.org` అడ్రస్ నుంచి వచ్చే ఇమేజ్‌లుగా మార్చేస్తుంది. అప్పట్లో ఇమోజీ ఫాంట్ లేని మెషీన్లు ఎక్కువ, ఆ రోజులకి మంచి ఆలోచనే. ఇప్పుడు చాలామందికి ఫాంట్ ఉంది, బయటి ఇమేజ్‌లే ఆగిపోతున్నాయి, మందే జబ్బయింది. ఆపాలంటే ఒక లైన్ చాలు:

```php
remove_filter( 'wp_mail', 'wp_staticize_emoji_for_email' );
```

రెండోది ఫార్వర్డ్. జీమెయిల్ వెబ్‌లో ఇమోజీలు నోటో ఇమేజ్‌లుగా కనిపిస్తాయని చెప్పాను కదా, ఆ మెయిల్‌కి రిప్లై ఇచ్చినా ఫార్వర్డ్ చేసినా కొన్నిసార్లు కిందున్న పాత మెయిల్‌లో అక్షరం బదులు `fonts.gstatic.com` అడ్రస్ ఉన్న `<img>` వెళ్తుంది. దాన్ని ఔట్‌లుక్‌లో తెరిచినవాళ్లకి గడులు. మొదట పంపినవాళ్ల తప్పేం లేదు, సోర్స్ తెరిచి `data-emoji` అని వెతికితే తెలిసిపోతుంది.

## ఆ బ్యాకప్ మెయిల్ చివరికి ఇలా

ఒక్కో వరసకి ఒక గుర్తు, ఒక మాట, ఒక పేరు. ఇమేజ్ లేదు.

```html
<td style="font-size:16px;color:#b00020">
  &#x274C; <b>ఫెయిల్</b> – db-2
</td>
```

మామూలు ఫోన్‌లో ఎర్ర ఇంటూ, క్లాసిక్ ఔట్‌లుక్‌లో టెక్స్ట్ రంగులో ఇంటూ, ఫాంట్ లేని చోట ఒక డబ్బా తర్వాత "ఫెయిల్ – db-2". ఇమోజీని `&#x274C;` అని రాయడం ఇంగ్లిష్ మెయిల్‌లో మంచి రక్షణ, ఫైల్ మొత్తం ఆస్కీ అవుతుంది, చార్‌సెట్ లేబుల్ తప్పయినా ఇమోజీ చెడదు. ఇక్కడ పక్కనే తెలుగు ఉంది కాబట్టి ఆ లాభం తక్కువ, హెడర్‌లో `charset=utf-8` తప్పనిసరిగా ఉండాల్సిందే.

క్లాసిక్ ఔట్‌లుక్‌లో గుర్తే వద్దనుకుంటే దానికి మాత్రమే అర్థమయ్యే కండిషన్ ఉంది, మిగతా యాప్‌లకి గుర్తు కనిపిస్తుంది, దానికి కనిపించదు:

```html
<!--[if !mso]><!-->&#x274C; <!--<![endif]--><b>ఫెయిల్</b>
```

నేనైతే ఇది పెట్టను, ఒక్క గుర్తు కోసం టెంప్లేట్‌ని ఇంత చిక్కు చేయడం దేనికి అనిపిస్తుంది, కానీ ఔట్‌లుక్ గీసే ఆ ఒంటి రంగు ఇంటూ అస్సలు వద్దనే డిజైనర్లు ఉన్నచోట పనికొస్తుంది.

హెచ్‌టీఎంఎల్‌తో పాటు మామూలు టెక్స్ట్ భాగం కూడా మెయిల్‌లో వెళ్తుంది, `multipart/alternative` అంటారు, హెచ్‌టీఎంఎల్ చూపించని యాప్‌లు అదే చదువుతాయి. దాన్ని చాలా టూల్స్ హెచ్‌టీఎంఎల్ నుంచి ట్యాగ్‌లు పీకేసి తయారుచేస్తాయి, అంటే ఇమేజ్ ఉంటే alt తో సహా మాయం. మొదటి మెయిల్‌లో గుండ్రాలకి బదులు ఇమేజ్‌లు పెట్టి ఉంటే ఆ టెక్స్ట్ భాగంలో `db-1`, `db-2`, `db-3` అని మూడు పేర్లు మిగిలేవి. ఇప్పుడు మాట ఉంది కాబట్టి `❌ ఫెయిల్ – db-2` అని మిగులుతుంది.

పరీక్షించేటప్పుడు అన్ని యాప్‌లూ తిరగక్కర్లేదు. ఇమేజ్‌లు ఆపేసి ఒకసారి, విండోస్ క్లాసిక్ ఔట్‌లుక్‌లో ఒకసారి, జీమెయిల్ నుంచి ఔట్‌లుక్‌కి ఫార్వర్డ్ చేసి ఒకసారి చూడండి. తర్వాత జీమెయిల్‌లో `Show original` నొక్కి సబ్జెక్ట్ హెడర్ మూటలు ఎక్కడ విడిపోయాయో చూడండి. టెస్ట్ మెయిల్ సబ్జెక్ట్‌లో ఒక 4 బైట్ల ఇమోజీ తప్పకుండా ఉండాలి, దాని వెనక ఖాళీ లేకుండా వరసగా కనీసం 20 తెలుగు గుర్తులుండాలి, లేకపోతే ఆ కోత అసలు జరగదు, అంతా బాగుందనుకుని వదిలేస్తాం.